పసిచేతికి అందని పొయ్యి
వేడి టీ, గిన్నెల పిడులు, నడక నేర్చే బిడ్డ: గృహభద్రతా పాఠం

కాలిన గాయం అనగానే మనకు మంట గుర్తుకు వస్తుంది. అయితే అయిదేళ్ల లోపు పిల్లలను ఎక్కువగా గాయపరిచేది మంట కాదు, వేడి ద్రవం. టీ, కాఫీ, పాలు, పప్పు, చారు, గంజి, స్నానానికి కాచిన నీళ్లు ఈ కోవలోనివి. వీటిలో పొగ లేదు, వెలుగు లేదు, పెద్దలను ముందుగా హెచ్చరించే గుర్తు ఏదీ లేదు. మూలన ఉన్న టీ లోటా చూడడానికి చల్లని నీళ్ల లోటా లాగే ఉంటుంది.

ప్రమాదానికి ఎక్కువగా లోనయ్యే వయస్సు తొమ్మిది నెలల నుంచి మూడు సంవత్సరాల వరకు. ఈ వయస్సులో బిడ్డ ఏదైనా పట్టుకొని లేచి నిలబడుతుంది. తలకు పైన ఉన్నదాన్ని చేత్తో తడిమి, దొరికిన అంచును కిందికి లాగుతుంది. లాగితే ఏమి పడుతుందో ఊహించే శక్తి దానికి ఇంకా రాలేదు. “సుర్రు” అని మనం చెప్పగా బిడ్డ కూడా “సుర్రు” అని పలకవచ్చు. అయినా ఆ మాట చెయ్యిని ఆపదు. మాట నేర్చుకోవడం ఒకటి, మాట విని చేతిని వెనక్కి తీసుకోవడం మరొకటి. రెండవది చాలా ఆలస్యంగా వస్తుంది.

కనుక ఈ పాఠంలో చెప్పదలచినది ఒక్కటే. బిడ్డకు జాగ్రత్త నేర్పడంపై గాని, తల్లి కంటిచూపుపై గాని ఆధారపడకుండా, వేడికీ చేతికీ మధ్య దూరాన్ని ఇంటి అమరికలోనే స్థిరపరచాలి. మన గనుల ప్రాంతంలో ఈ ఆలోచన కొత్తది కాదు. గనిలో పైకప్పు కింద పనిచేసేవారికి “రాయి పడుతుందేమో చూసుకో” అని చెప్పి ఊరుకోలేదు. పైకప్పుకు ఆధారం నిలిపిన తరువాతనే పని సాగేది. వంటగదికీ అటువంటి ఆధారమే కావాలి.

వేడి ఎంత, వ్యవధి ఎంత

చర్మం కాలడానికి రెండు విషయాలు కలవాలి. ఒకటి ద్రవం వేడి, రెండవది అది చర్మాన్ని అంటి ఉన్న కాలం. ఈ రెండింటి సంబంధాన్ని అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే శాస్త్రవేత్తలు 1947లో కొలిచి ప్రకటించారు. నేటికీ వైద్యులు, ఇంజనీర్లు ఆ కొలతలనే ఆధారంగా తీసుకుంటున్నారు. వాటి ప్రకారం 60 డిగ్రీల సెల్సియస్ నీరు పెద్దవారి చర్మాన్ని లోతుగా కాల్చడానికి సుమారు అయిదు సెకన్లు చాలు. 70 డిగ్రీల వద్ద ఒక్క సెకను కూడా అక్కరలేదు. అదే 49 డిగ్రీల వద్ద అనేక నిమిషాలు పడుతుంది. పసిబిడ్డ చర్మం పెద్దవారి చర్మం కంటే పలుచన కాబట్టి, దానికి ఇంకా తక్కువ వ్యవధి సరిపోతుంది.

కోలారు బంగారు గనుల ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అందువల్ల ఇక్కడ నీరు 100 డిగ్రీలకు చేరకుండానే, సుమారు 97 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఈ మూడు డిగ్రీల తగ్గుదల చర్మానికి ఏ మేలూ చేయదు. పొయ్యి మీదినుంచి దించి వడగట్టిన టీ లోటాలోకి వచ్చేసరికి కూడా 80 డిగ్రీలకు పైనే ఉంటుంది. పోసి పదిహేను నిమిషాలైన టీ కూడా పసిబిడ్డను కాల్చగలదు. “కాసేపు అయింది, ఆరిపోయి ఉంటుంది” అనే అంచనా పెద్దవారి నాలుకకు సంబంధించినది. మనం ఊదుకుంటూ, చిన్న గుక్కలుగా, గాలితో కలిపి తాగుతాం. బిడ్డ మీద అదంతా ఒక్కసారిగా పడుతుంది.

చిక్కని ద్రవాలు మరింత చెడ్డవి. నీరు జారిపోతుంది గాని గంజి, పప్పు, రాగి సంకటి చర్మానికి అంటుకొని తమ వేడిని వదలకుండా నిలుపుకుంటాయి. నూనె నీటికంటే ఎంతో ఎక్కువ వేడిని చేరగలదు. ఉన్ని స్వెటరు, మందపాటి గుడ్డ కూడా ఇదే పని చేస్తాయి. వేడి ద్రవాన్ని పీల్చుకొని ఒంటికి అదిమిపెడతాయి. మార్గశిర, పుష్య మాసాల చలి ఉదయాలలో బిడ్డకు తొడిగిన స్వెటరు మీద టీ పడితే, దాన్ని వెంటనే తీయవలసిన కారణం ఇదే.

ఒక లోటా టీ ఎంత మేర కాలుస్తుంది

చిన్న లెక్క వేసి చూద్దాం. లోటాలో 100 మిల్లీలీటర్ల టీ ఉన్నదనుకుందాం. అది ఒక మిల్లీమీటరు మందంతో పరచుకుంటే 1,000 చదరపు సెంటీమీటర్ల మేర తడుపుతుంది. పది కిలోల బరువున్న ఏడాది బిడ్డ ఒంటి చర్మం మొత్తం వైశాల్యం సుమారు అర చదరపు మీటరు, అంటే 5,000 చదరపు సెంటీమీటర్లు. కనుక ఆ టీ అంతా ఒంటిమీదే పడితే చర్మంలో అయిదవ వంతు తడుస్తుంది. అందులో సగం నేలపాలైందనుకున్నా నూటికి పది వంతుల చర్మం కాలవచ్చు. పిల్లలలో నూటికి పది వంతులకు మించిన కాలిన గాయానికి నరం ద్వారా ద్రవాలు ఎక్కించవలసి వస్తుంది. అదే టీ పెద్దవారి మీద పడితే, మొత్తం చర్మంలో ఆరు వంతులకు మించి తడవదు. ఒకే లోటా పెద్దవారికి చిన్న బాధ, బిడ్డకు ఆసుపత్రి వాసం కావడానికి కారణం ఈ నిష్పత్తే.

గాయం పడే చోటు కూడా తెలుసుకోదగినది. పైనుంచి లాగుకున్న ద్రవం ముందుగా ముఖం, గడ్డం కింద, మెడ, భుజం, ఛాతీ మీద పడి కిందికి కారుతుంది. కారేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి గాయం పైన లోతుగా, కింద తేలికగా, చారలుగా ఉంటుంది. మెడ మడతలలో ద్రవం నిలిచిపోతుంది. ఆ చోట మానిన చర్మం ముడుచుకుంటే, బిడ్డ పెరిగేకొద్దీ మెడ తిప్పడం కష్టమవుతుంది. అందువల్ల ఈ గాయాలు మానిన తరువాత కూడా కొన్నేళ్లు వైద్యుల పరిశీలనలో ఉండవలసి వస్తుంది.

బిడ్డ చేయి ఎంత ఎత్తు అందుకుంటుంది

ఏడాది బిడ్డ పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. మునివేళ్లపై లేచి చెయ్యి చాపితే సుమారు 90 సెంటీమీటర్లు, అంటే రెండు మూరలు అందుకుంటుంది. రెండేళ్లకు పొడవు 86 సెంటీమీటర్లు దాటుతుంది, అందే ఎత్తు మీటరును మించుతుంది. మన ఇళ్లలో నిలబడి వండే గట్టు ఎత్తు సాధారణంగా 80 నుంచి 85 సెంటీమీటర్లు. కనుక “గట్టు మీద ఉంది, అందదు” అనే ధైర్యం ఏడాది నిండేసరికే చెల్లిపోతుంది. గట్టు అంచు బిడ్డకు అందుతుంది. అంచు దాటి బయటికి వచ్చిన ప్రతి పిడీ అందుతుంది.

సగటు కొలతలపై ఆధారపడక, మీ బిడ్డనే కొలవండి. గోడ పక్కన నిలబెట్టి, ఇష్టమైన బొమ్మను గోడకు ఆనించి కొంచెం కొంచెంగా పైకి జరపండి. వేలికొనలు తాకిన చివరి చోట సుద్దతో గీత గీయండి. దానిపై మరొక జానెడు ఎత్తున రెండవ గీత గీయండి. ఈ జానెడు రానున్న నెలల పెరుగుదల కోసం, బిడ్డ కాలికింద దిండో చెప్పుల జతో ఉండే రోజు కోసం. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య బిడ్డ నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి మూడు నెలలకొకసారి గీత మార్చాలి.

ఇక రెండవ గీత కింద ఉన్న ప్రతి చోటూ బిడ్డకు చెందినదే అనుకోవాలి. అక్కడ వేడి వస్తువు ఒక్క నిమిషమైనా ఉండరాదు. నేల, చాప, ముక్కాలిపీట, మంచం అంచు, కిటికీ అరుగు అన్నీ ఇందులోకి వస్తాయి. గట్టు పక్కన ఉన్న స్టూలు, బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండరు బిడ్డకు మెట్లుగా పనికివస్తాయి. అవి ఉన్నచోట గీతకు అర్థం లేదు. వాటిని గట్టుకు దూరంగా జరపాలి, లేదా తలుపున్న అరలో ఉంచాలి.

పిడి, పట్టకారు, మసిగుడ్డ

గిన్నె పిడులను లోపలికి తిప్పాలనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట మన పొయ్యికి ఎలా వర్తిస్తుందో చూడాలి. పాశ్చాత్య దేశాల పొయ్యిలకు ముందు రెండు, వెనుక రెండు బర్నర్లు ఉంటాయి. అక్కడి పుస్తకాలు వెనుక బర్నర్ మీద వండమని సలహా ఇస్తాయి. మన పొయ్యికి రెండు బర్నర్లూ పక్కపక్కనే ఉంటాయి, వెనుక బర్నర్ అనేదే లేదు. అందువల్ల పొయ్యినే గట్టు అంచు నుంచి లోపలికి, కనీసం జానెడు దూరం జరపాలి. అలా జరిపినప్పుడు వెనుక గ్యాస్ గొట్టం నలగకుండా, మంట గోడను తాకకుండా చూసుకోవాలి. రెండు బర్నర్లలో గుమ్మానికి దూరంగా ఉన్నదాని మీద పాలు, టీ, చారు వంటి పలుచని పదార్థాలను కాచాలి.

పిడిని ముందుకు గాని, రెండవ మంట మీదికి గాని రానీయరాదు. మంట మీద ఉన్న పిడి కాలి, తరువాత పట్టుకున్న పెద్దవారి చేతినుంచి గిన్నె జారుతుంది. పిడి గోడవైపు, కొంచెం వాలుగా ఉండాలి. అప్పుడు వండేవారి చేతికి అందుతుంది, అంచు దాటదు. పొడవాటి పిడి ఉన్న కుక్కరుకు ఇది మరీ ముఖ్యం. నిండు కుక్కరు బరువు వల్ల కదలదని అనుకుంటాం. అయితే పిడి పొడవైన కాడి వంటిది. దాని కొస మీద బిడ్డ వేలాడితే కుక్కరు ఒరుగుతుంది.

మన గిన్నెలలో చాలావాటికి పిడే లేదు. అయినా ప్రమాదం తప్పదు, ఎందుకంటే పట్టకారు ఉంది. పాలగిన్నెకు తగిలించి వదిలేసిన పట్టకారు, గట్టు అంచు దాటి బిడ్డ వైపు చూస్తున్న పిడి అవుతుంది. గిన్నెను దించగానే పట్టకారును విడదీసి మేకుకు తగిలించడం అలవాటు కావాలి. గిన్నెలో వదిలిన పొడవు గరిట, సంకటి తెడ్డు కూడా ఇటువంటివే. అంచు నుంచి వేలాడే మసిగుడ్డ, గట్టు మీద పరచిన కాగితం లేదా ప్లాస్టిక్ షీటు, బల్ల మీది గుడ్డ ఇవన్నీ బిడ్డ లాగగలిగే తాళ్లే. వాటిపైన ఉన్నది వాటితో పాటు వస్తుంది. తడిసిన మసిగుడ్డలో మరొక లోపం ఉంది. తడి గుడ్డ వేడిని త్వరగా చేతికి చేరవేస్తుంది, చెయ్యి కాలి గిన్నె జారుతుంది. వేడి గిన్నె పట్టుకునే గుడ్డ ఎప్పుడూ పొడిగా ఉండాలి.

ఒక లైన్ ఇంటి ఉదయం

ఇంతవరకు చెప్పినదాన్ని ఒక ఇంటికి వర్తింపజేసి చూద్దాం. ఇది ఊహించిన ఇల్లు. అయినా చాంపియన్ రీఫ్స్, ఊరుగాం, మారికుప్పం లైన్లలో నివసించేవారికి తెలిసిన అమరికే. ముందు ఒక గది, వెనుక ఇరుకైన వంట చోటు, ఆ వెనుక నీళ్ల తొట్టి. ఇంట్లో భార్యాభర్తలు, అవ్వ, పద్నాలుగు నెలల బిడ్డ. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన తరువాత ఇక్కడి వారెందరో పనికోసం ప్రతిదినం రైలులో బెంగళూరు వెళ్లివస్తున్నారు. ఈ ఇంటి యజమాని కూడా తెల్లవారక ముందే రైలు అందుకోవాలి.

కనుక ఈ ఇంట్లో వేడి పనులన్నీ ఒకే ముప్పావు గంటలో జరుగుతాయి. నేలమీద పలక వేసి దానిపై గ్యాస్ పొయ్యి ఉంచారు. ఒక మంట మీద అన్నం, రెండవదాని మీద మొదట స్నానానికి నీళ్లు, తరువాత టీ. అన్నం ఉడికాక గిన్నెను వెనుకకు తీసుకెళ్లి గంజి వార్చాలి. కాగిన నీళ్లను తొట్టి దగ్గరికి మోయాలి. టీని ముందు గదిలోకి తేవాలి. అలికిడికి బిడ్డ లేస్తుంది, పాకుతూ తల్లి దగ్గరికి వస్తుంది. అవ్వ బిడ్డను ఒడిలోకి తీసుకొని, తన టీ లోటాను చాప పక్కన పెట్టుకుంటుంది.

ఇందులో వేడి వస్తువు బిడ్డ దారిని మూడుసార్లు దాటింది. నాలుగవసారి, అవ్వ ఒడిలో, రెండూ ఒకే చోట చేరాయి. వీటిలో చివరిదే అన్నిటికంటే సాధారణమైనది. ఎవరూ నిర్లక్ష్యంగా లేరు, అందరూ బిడ్డను చూస్తూనే ఉన్నారు. అయినా బిడ్డ చెయ్యి చాపడానికీ టీ ఒలకడానికీ మధ్య ఒక సెకను కంటే ఎక్కువ పట్టదు.

ఈ ఇంట్లో మొదట మార్చవలసినది పొయ్యి చోటు. రెండు ఇటుక దిమ్మెలు కట్టి, పైన కడప బండ పరచి, 80 సెంటీమీటర్ల ఎత్తున గట్టు ఏర్పరచుకోవాలి. పొయ్యిని గోడవైపు లోపలికి ఉంచాలి. నేలమీది పొయ్యిలో మరొక దోషం కూడా ఉంది. గ్యాస్ పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తున ఉండాలని గ్యాస్ భద్రతా నియమం చెబుతుంది. గట్టు కట్టితే ఈ రెండు దోషాలూ ఒకేసారి తొలగుతాయి.

రెండవది అడ్డుతలుపు. ముందు గదికీ వంట చోటుకీ మధ్య గుమ్మానికి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున చెక్కతో సగం తలుపు చేయించాలి. గడియ వంటవైపున, బిడ్డకు అందని చోట ఉండాలి. నిలువు పట్టీలు పెడితే వాటి మధ్య ఖాళీ ఆరు సెంటీమీటర్లకు మించరాదు, లేకుంటే తల ఇరుక్కుంటుంది. అడ్డపట్టీలు పెట్టరాదు, అవి నిచ్చెన మెట్లవుతాయి. వీలైతే నునుపైన పలకే మంచిది. తల్లి కనబడుతూ ఉంటే బిడ్డ అడ్డుతలుపు వెనుక కొంతసేపు ఊరుకుంటుంది, ఏడ్చినా ప్రమాదం లేదు. గుమ్మమే లేని ఒంటిగది ఇంట్లో, వండేటప్పుడు పొయ్యికి కనీసం ఒక మీటరు వలయంలోకి బిడ్డ రాకుండా మరొకరు ఎత్తుకొని ఉండాలి. తల్లి ఒంటరిగా ఉంటే, వంట బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ముగించుకోవాలి. బిడ్డను చంకన పెట్టుకొని వండడం, ఒక చేత బిడ్డ ఒక చేత టీ మోయడం అసలే పనికిరావు.

మూడవది టీ. పొయ్యి దగ్గరే టీని మూతగల ఫ్లాస్కులో పోసి, ముందు గదిలో గోడ గూటిలో, సుద్దగీతకు పైన ఉంచాలి. తాగేవారు గూటి దగ్గర నిలబడి పోసుకోవాలి. అవ్వ టీ తాగేటప్పుడు బిడ్డ మరొకరి దగ్గర ఉండాలి. బిడ్డను తీసుకోవలసి వస్తే లోటా తిరిగి గూటిలోకి వెళ్లాలి. “ఒడిలో బిడ్డ ఉంటే చేతిలో వేడి లేదు” అనే ఈ ఒక్క నియమం ఇంటికి వచ్చే చుట్టాలకూ వర్తిస్తుంది. చుట్టాలకు టీ ఇచ్చేటప్పుడు పళ్లేన్ని బిడ్డ తల మీదుగా అందించరాదు. నేలమీద కూర్చున్నవారి పక్కన లోటా పెట్టరాదు.

నాలుగవది గంజి, స్నానపు నీళ్లు. నిండు గిన్నెను మోసుకొని నడిచే అడుగులను తగ్గించాలి. గంజి వార్చే పాత్రను పొయ్యి పక్కన గట్టు మీదే ఉంచి అక్కడే వార్చి, చల్లారే వరకు అక్కడే మూతపెట్టి ఉంచాలి. స్నానపు బకెట్టులో ముందు చన్నీళ్లు పోయాలి, తరువాతే కాగిన నీళ్లు కలపాలి. వేడి నీళ్ల బకెట్టు ఒంటరిగా నేలమీద ఉండే క్షణం ఉండరాదు. కాగిన నీళ్లను చిన్న గిన్నెతో, మూత వేసి, అడ్డుతలుపు గడియ పడి ఉన్నప్పుడే మోయాలి.

ఈ అమరికకు హద్దులున్నాయి. రెండేళ్లకు బిడ్డ చెయ్యి గట్టు లోపలికి కూడా వెళుతుంది, పొయ్యి మీటలను తిప్పుతుంది. కనుక గట్టు కట్టామని అడ్డుతలుపు తీసివేయరాదు, మూడేళ్ల వరకు ఉంచాలి. వంట ముగిసిన వెంటనే రెగ్యులేటరు కట్టివేయాలి. పండుగనాడు, పెళ్లినాడు, కరెంటు పోయిన రాత్రి, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిన రోజు ఈ నియమాలు సడలుతాయి. ఆ రోజులలోనే అడ్డుతలుపు దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించాలి.

నీళ్లు కరువైన ఇంట ప్రథమ చికిత్స

ఇన్ని చేసినా వేడి ద్రవం ఒలికితే, చేయవలసినది గాయాన్ని చల్లబరచడం. శుభ్రమైన చల్లని ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. చర్మం పైన వేడి తగ్గినా లోపలి పొరలలో నిలిచి కాలుస్తూనే ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు సరిపోవు. గాయమైన వెంటనే చేయలేకపోయినా, మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా మేలు ఉంటుంది. నీళ్లు పోస్తూనే బట్టలు, గాజులు, కడియాలు, మొలతాడు తీయాలి. వాపు వచ్చిన తరువాత అవి రావు. చర్మానికి అంటుకుపోయిన గుడ్డను మాత్రం లాగరాదు, దాని చుట్టూ కత్తిరించాలి.

కుళాయి నీళ్లు దినం తప్పి దినం కూడా రాని వీధులు మన జిల్లాలో ఉన్నాయి. ఇరవై నిమిషాల ధార ఎక్కడిది అని అడగవచ్చు. అందుకు రెండు బకెట్ల శుభ్రమైన నీళ్లు చాలు. బిడ్డను వెడల్పాటి బేసిను మీద పట్టుకొని, చెంబుతో సన్నధారగా గాయం మీద పోయాలి. కిందికి చేరిన నీళ్లు శుభ్రంగా ఉంటే వాటినే మళ్లీ పోయవచ్చు. అవి వెచ్చబడితే కొన్ని చల్లని నీళ్లు కలపాలి. అదీ లేకుంటే శుభ్రమైన గుడ్డను తడిపి గాయం మీద వేస్తూ, నిమిషానికొకసారి మార్చాలి. ఇది ధారకు సాటి రాదు గాని ఏమీ చేయకపోవడం కంటే మేలు. ఇందుకోసం ప్రతి ఇంట ఒక బకెట్టు నీళ్లు ఎప్పుడూ నిలువ ఉండాలి. దానికి గట్టి మూత ఉండాలి, ఎందుకంటే తెరిచిన బకెట్టులో పసిబిడ్డ తలకిందులుగా పడి మునిగిపోవచ్చు.

చల్లబరచవలసినది గాయాన్నే, బిడ్డను కాదు. మిగిలిన ఒంటికి దుప్పటి కప్పాలి. చలికాలపు తెల్లవారుజామున పసిబిడ్డ ఒంటి వేడి త్వరగా పడిపోతుంది. మంచుముక్కలు పెట్టరాదు, అవి కాలిన చర్మాన్ని మరింత చెడగొడతాయి. పసుపు, టూత్‌పేస్టు, సిరా, ఇడ్లీ పిండి, నెయ్యి, కోడిగుడ్డు సొన ఏదీ పూయరాదు. ఇవి లోపలి వేడిని బయటికి పోనీయవు, క్రిములకు తావిస్తాయి. వాటి రంగు గాయం లోతును వైద్యుని కంటికి కనబడనీయదు. ఆసుపత్రిలో వాటిని కడిగి తీయడమే బిడ్డకు రెండవ బాధ అవుతుంది. బొబ్బలను చిదపరాదు. చల్లబరచిన తరువాత ఉతికిన మెత్తని నూలు గుడ్డను గాని, శుభ్రమైన పలుచని ప్లాస్టిక్ పొరను గాని వదులుగా కప్పాలి.

ఆసుపత్రికి ఎప్పుడు

బిడ్డ అరచెయ్యి వేళ్లతో సహా దాని ఒంటి చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. గాయం ఆ అరచెయ్యి కంటే పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖం, మెడ, చేతులు, పాదాలు, మర్మావయవాలు, కీళ్ల మీద పడితే ఎంత చిన్నదైనా వెళ్లాలి. ఏడాది లోపు బిడ్డకు ఏ బొబ్బ లేచినా వెళ్లాలి. గాయం తెల్లగా, తోలులా ఉండి బిడ్డకు నొప్పి తెలియకపోతే ఊరట చెందరాదు. లోతుగా కాలిన చోట నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోతాయి, అందుకే ఏడుపు ఉండదు.

108కు ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేవరకు నీళ్లు పోయడం ఆపకుండా ఉండాలి. రాబర్ట్‌సన్‌పేటలోని ప్రభుత్వ ఆసుపత్రి, కోలారులోని శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రి దగ్గరివి. పెద్ద గాయాలకు అక్కడినుంచి బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి కాలిన గాయాల విభాగానికి పంపవచ్చు. ఎంత సమయంలో ఏ ద్రవం పడింది, ఎన్ని నిమిషాలు నీళ్లు పోశారు, బిడ్డకు ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేశారు అనే మూడు విషయాలు వైద్యునికి చెప్పాలి. టీకా కార్డు వెంట తీసుకువెళ్లాలి.

చిన్న గాయమని ఇంటికి పంపిన తరువాత కూడా నాలుగైదు రోజులు గమనించాలి. జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒంటిమీద ఎర్రని దద్దు, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే, గాయం శుభ్రంగా ఉన్నట్లు కనబడినా, ఆ రోజే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. చిన్న గాయంలో చేరిన క్రిముల విషం కూడా పసిబిడ్డ ఒంటినంతా కొన్ని గంటలలో ముంచివేయగలదు.

అభ్యాసం

ఈ వారంలో ఒక ఉదయం ఇంట్లోని పెద్దవారిలో ఒకరు వంట చేయక, కాగితం పట్టుకొని కూర్చోవాలి. పొయ్యి వెలిగినప్పటినుంచి ఆరే వరకు ఏ వేడి వస్తువు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఎంతసేపు నిలిచింది అని రాయాలి. అదే కాగితం మీద బిడ్డ తిరిగిన దారిని మరొక రంగుతో గీయాలి. రెండు గీతలు కలిసిన ప్రతి చోటుకూ ఒక సున్న చుట్టాలి. ఆ సున్నలను ఒక్కొక్కటిగా తుడిచివేయడమే ఇంటివారి పని. కొన్నిటికి పట్టకారును మేకుకు తగిలిస్తే చాలు, కొన్నిటికి లోటాను గూటికి ఎక్కిస్తే చాలు, ఒకటి రెండింటికి వడ్రంగిని పిలవవలసి వస్తుంది. మూడు నెలల తరువాత సుద్దగీతను పైకి జరిపి, మళ్లీ ఒక ఉదయం రాయాలి.